యాక్షన్ రీసెర్చ్‌కి రిపీటెడ్ రీడింగా, పెయిర్డ్ రీడింగా? ఏది మేలు?

మా పర్లాకిమిడి వైపు డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేస్తున్న పిల్లలు తమ తరగతి సమస్య మీద తామే చేసే ఈ చిన్న పరిశోధన గురించి ప్రతి ఏడూ ఇదే అడుగుతారు. "మాస్టారూ, రీడింగ్ ఫ్లూయెన్సీ మీద ప్రపోజల్ రాయాలి, రిపీటెడ్ తీసుకోవాలా పెయిర్డ్ తీసుకోవాలా?" అని. కోరస్‌గా చదివించడం గురించి కూడా అడుగుతారు గానీ అందులో రాని పిల్ల కూడా వచ్చిన పిల్ల గొంతులో దాక్కుంటుంది, ఎవరికి ఎంత వచ్చిందో కొలవలేం, కాబట్టి దాన్ని పక్కన పెట్టేద్దాం.

నేను రిపీటెడ్ వైపే, అంటే ఒకే పేరాని మళ్ళీ మళ్ళీ చదివించడం. పెయిర్డ్, అంటే ఇద్దరిద్దరిని జంటగా చదివించడం, చెడ్డదని కాదు, ఒక్క మాస్టారే మూడు తరగతులు చూసుకునే బడిలో అయితే జంటలే దిక్కు, పిల్లలు కూడా ఇష్టంగా చేస్తారు. కానీ బాగా చదివే పిల్లాడు పక్కవాడు ఆగీ ఆగకముందే పదం అందించేస్తాడు, జంటలో ఒకడు రాకపోతే రెండోవాడు ఖాళీ, చివరికి మన కాగితం మీద పడేది ఎవరి చదువో తేలదు. రిపీటెడ్‌లో ఏం జరిగిందో తేలుతుంది. అయితే ఒక షరతు, కొలిచేది ఎప్పుడూ చూడని పేరా మీదే కొలవాలి. ఈ షరతు మర్చిపోయి నేనే ఒకసారి దెబ్బతిన్నాను.

మాది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు. 4వ తరగతిలో ఆరుగురిని తీసుకుని ప్రశ్న ఇలా రాసుకున్నా: వారానికి నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు ఒకే పేరాని నాలుగేసి సార్లు చదివితే, మూడు వారాల తర్వాత నిమిషానికి సరిగ్గా చదివే పదాలు ఎన్ని పెరుగుతాయి? "చదవడం మెరుగుపడుతుందా" అని రాస్తే దేన్ని కొలవాలో ఎవరికీ తెలీదు కదా. మొదలుపెట్టక ముందు మూడు వారాలు వారానికోసారి కొలిచి పెట్టుకున్నా, ఎందుకంటే పిల్లలు ఊరికే కూడా ఎదుగుతారు. ఒక పాపకి 30, 31, 31 వచ్చింది. అంటే చివరిసారి నిమిషంలో 38వ పదం దాకా వెళ్ళింది, 7 తప్పులు, మిగిలింది 31.

మూడు వారాలయ్యాక అదే పాప 58 చదివేసింది. నేను సంబరపడిపోయా. తర్వాత చూస్తే చదువుతున్నప్పుడు దాని కళ్ళు కిటికీ వైపున్నాయి, నోరు మాత్రం పేరా అప్పజెప్పేస్తోంది! కొత్త పేరా ఇస్తే 34. అంటే పెరిగింది మూడే, మిగతాదంతా కంఠస్థం.

యాక్షన్ రీసెర్చ్‌లో సైకిల్ అన్నదానికి ఇక్కడే అర్థం వస్తుంది. ప్లాన్, చేయడం, గమనించడం, ఆలోచించడం అని నాలుగు డబ్బాలు గీసేసి రెండో సైకిల్‌లో మళ్ళీ అదే పని రాస్తారు చాలామంది, అది సైకిల్ కాదు, పొడిగింపు. నేను రెండో సైకిల్‌లో ఒక పేరా రెండు రోజులకి మించి ఉంచలేదు, తర్వాతి పేరాలో పాత పదాలు సగం దాకా ఉండేలా నేనే రాశా. పాత పేరాలో గట్టిపడిన పదమే కొత్తదానిలో పనికొస్తుంది, పదాలు కలవకపోతే లాభం పెద్దగా దాటి రాదు. ఈసారి చూడని పేరా మీద 41 వచ్చింది. పరీక్ష పేరాలు మాత్రం ముందే ఒకే కష్టంలో ఉండేలా తీసి పెట్టుకోవాలి, వీలైతే ఒకేసారి మూడు చదివించి మధ్య అంకె తీసుకోండి, ఒక పేరా తేలికైపోయిందన్న గొడవ ఉండదు.

తప్పంటే ఏంటో కూడా ప్రపోజల్‌లోనే రాసేయాలి. మూడు సెకన్లు ఆగిపోతే పదం చెప్పేసి తప్పు వేస్తా, తనంతట తనే వెంటనే దిద్దుకుంటే తప్పు కాదు. మనవైపు అసలు చిక్కు వేరే ఉంది. ఒడియాలో ఇల్లుని ఘొరొ అని పలుకుతారు, మన పిల్ల అదే అక్షరాలు చూసి ఘర అంటుంది. అది యాస, తప్పు కాదు. నేను మొదటి వారం తప్పు వేశా, పక్క మాస్టారు వేయలేదు, ఇద్దరి అంకెలూ కలవలేదు, ఫోన్‌లో రికార్డింగ్ ఉండబట్టి మళ్ళీ విని సరిచేశాం. అందుకే ఆడియో తప్పనిసరి అంటాను, ఇంట్లోవాళ్ళని ముందే అడిగి మరీ.

ఇంకోటి, చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌లో 3వ తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలని ఉంది కదా, దాన్ని తెచ్చి టార్గెట్‌గా పెట్టేస్తున్నారు. ఇంటి భాష వేరు, బడి భాష వేరు ఉన్నచోట 31 దగ్గరున్న పిల్లకి ఆరు వారాల్లో 60 అని రాస్తే ప్రపోజల్ మొదటి పేజీలోనే ఓడిపోతుంది. దాని పాత అంకెతోనే పోల్చండి, చదివాక కథ తెలుగులో చెప్పమనండి, చెప్పలేకపోతే 41 పక్కన ఆ మాట కూడా రాసుకోండి.