హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడు వాచీలో ఏ అంకె చూడాలి?

హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డు మీద వరసగా రెండు పొద్దులు పరుగెత్తాను. మొదటి రోజు పేస్, గుండె వేగం చూసుకుంటూ, రెండో రోజు వాచీ చూపించే రన్నింగ్ పవర్, అంటే పరుగులో పడే శ్రమను వాట్లలో చెప్పే అంకె, చూసుకుంటూ.

మొదటి రాత్రి మదనపల్లెలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ వాళ్లు మాట్లాడి పెడతామన్న ఆటో ఐదింటికి రాలేదు, అరగంట పోయింది. రెండో రాత్రి కొండ మీదే ఉన్నాం. యూకలిప్టస్ చెట్ల మధ్య చల్లగా హాయిగా ఉంటుంది. అయితే పరుగు కిందనుంచి మొదలుపెట్టాలంటే దించేవాళ్లు కావాలి. నన్ను మా తమ్ముడు బండి మీద దించాడు.

చదునులో నా పేస్ కిలోమీటరుకు 6 నిమిషాలు. మొదటి రోజు ఎక్కుడు కదా అని 7 నిమిషాలు పెట్టుకున్నాను. రెండు నిమిషాల దాకా గుండె వేగం 138, సుఖంగానే ఉందనుకున్నాను. నాలుగో నిమిషానికి 172. పడుతున్న శ్రమ గుండె వేగంలో కనబడటానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, ఆలోపే కాళ్లు అయిపోతాయి. మూడో కిలోమీటరులో నడక పట్టాను.

చదునులో అదే 6 నిమిషాల పేస్‌కి నా వాచీ 205 వాట్ల దాకా చూపిస్తుంది. రెండో రోజు 215 దాటకూడదని పెట్టుకున్నాను. ఏటవాలు పెరిగిన చోట పేస్ 8:40కి పడిపోయింది, పడిపోనిచ్చాను. వాలు తగ్గగానే దానంతటదే పెరిగింది. గుండె మెల్లగా 160కి చేరి అక్కడే నిలిచింది. ఒక్క అడుగూ నడవకుండా పైకొచ్చాను.

అలాగని ఆ అంకెను గుడ్డిగా నమ్మలేం. వాచీ పవర్‌ను కొలవదు. మన వేగం, గాలి పీడనాన్ని బట్టి తెలిసే ఎత్తు, మనం నమోదు చేసిన బరువు, వీటితో లెక్కగడుతుంది. అందుకే నీళ్ల సంచి బరువు కూడా కలిపి నమోదు చేశాను. చెట్లు కమ్ముకున్న మలుపుల్లో జీపీఎస్ తడబడి అంకె ఒక్కసారిగా 260కి ఎగిరేది. ఊపిరి మారకుండా అంకె ఎగిరిందంటే తప్పు వాచీదే. క్షణక్షణం మారే అంకె వదిలేసి 30 సెకన్ల సగటు పెట్టుకున్నాక కుదురుకుంది. పీడనం కొలిచే చిన్న రంధ్రం చెమటతో మూసుకుపోయినా ఇలాగే అవుతుంది, కాస్త నీళ్లతో కడిగితే సరిపోతుంది. ఇంకో మాట, వేరే కంపెనీ వాచీ పెట్టుకున్న స్నేహితుడి 215, మీ 215 ఒకటి కావు. ఎవరి హద్దు వాళ్లు తమ వాచీతోనే చదునులో చూసుకోవాలి.

దిగేటప్పుడు మాత్రం ఏ అంకే పనికిరాలేదు. పవర్ 130, గుండె వేగం 125, చూడ్డానికి విశ్రాంతిలా ఉంది. కానీ అడుగడుగునా ఒంటి బరువును ఆపుతున్నది తొడలు. ఆ దెబ్బ వాచీకి తెలియదు. మర్నాడు ఇంటి మెట్లు పక్కవాటంగా దిగాను.