F8 నొక్కితే వైఫై ఆగే లాప్‌టాప్ అంటగట్టారు: సెకండ్ హ్యాండ్ కొనేవారు బయోస్ తెరిచి చూసి గానీ డబ్బు కట్టకండి

దుకాణం పేరు రాయను. ఆఫీసుల్లో లీజు ముగిసిన లాప్‌టాప్‌లను తెచ్చి, తుడిచి, మెరిపించి అమ్మే ఆ రెండో అంతస్తు దుకాణం సంగతి ఈ ఊళ్ళో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నవారికి నేను చెప్పనక్కరలేదు. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 26,000 రూపాయలు, ఏడు రోజుల రీప్లేస్‌మెంటు హామీ, మీకు తెలిసిన పాటే. నేను నాలుగైదు దుకాణాలకు టాలీలో లెక్కలు రాసే మనిషినని, పొద్దంతా నా చేయి F కీల మీదే ఉంటుందని బేరానికి ముందే చెప్పాను. "టాలీ ఏముంది మేడమ్, దీని మీద వీడియోలే ఎడిట్ చేసుకుంటున్నారు" అన్నారు. టాలీ తెరిచి చూపించమంటే చూపించారు కూడా. F8 నొక్కగానే సేల్స్ వోచరు వచ్చింది. అయితే అప్పుడు నా వేళ్ళ కింద ఉన్నది లాప్‌టాప్ కీబోర్డు కాదు, దానికి తగిలించి పెట్టిన దుకాణం వారి యూఎస్‌బీ కీబోర్డు. అది అక్కడ ఎందుకుందో ఇంటికి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

టాలీ వాడని వారి కోసం ఒక్క మాట. టాలీ ప్రైమ్‌లో F4 కాంట్రా, F5 పేమెంటు, F6 రిసీట్, F7 జర్నల్, F8 సేల్స్, F9 పర్చేజ్. మౌసు ముట్టకుండా వోచరు తరువాత వోచరు కొట్టుకుంటూ పోవడానికి చేసిన ఏర్పాటు ఇది. నెలవారీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ కనుక, ఆ ముందు రోజుల్లో నేను క్లయింటు దుకాణంలోని కంప్యూటర్‌కు రిమోట్‌గా కనెక్టయి, మిగిలిన సేల్స్ బిల్లులు ఎక్కిస్తూ ఉంటాను. కొత్త లాప్‌టాప్ మీద మొదటి బిల్లు కోసం F8 నొక్కాను. తెర మూలన చిన్న విమానం బొమ్మ వచ్చింది, వైఫై ఆగిపోయింది, రిమోట్ కనెక్షను తెగిపోయింది. మళ్ళీ నొక్కితే వైఫై వచ్చింది గానీ సేల్స్ వోచరు రాలేదు. F5 నొక్కితే పేమెంటు వోచరుకు బదులు తెర వెలుతురు ఒక మెట్టు తగ్గింది, F6 నొక్కితే ఒక మెట్టు పెరిగింది. అంటే క్లయింటు డబ్బు చెల్లించిన కొద్దీ నా తెర నల్లబడాలి, ఆయనకు డబ్బు వచ్చిన కొద్దీ వెలగాలి. వ్యాపారం పరిస్థితిని ఇంత సూటిగా చూపే లాప్‌టాప్ మరొకటి ఉండదు.

ఇంతవరకు జరిగినదానిలో వింత ఏమీ లేదు. లాప్‌టాప్ పై వరుసలోని ఒక్కో కీకి రెండు పనులుంటాయి. ఒకటి F1 నుంచి F12 వరకు ఉన్న మామూలు పని, రెండోది కీ మీద బొమ్మగా గీసిన శబ్దం, వెలుతురు, మైకు, విమానం వంటి మీడియా పని. వేలు ఒంటరిగా నొక్కినప్పుడు ఏది జరగాలో, Fn తో కలిపి నొక్కినప్పుడు ఏది జరగాలో నిర్ణయించేది ఒక అమరిక. ఇప్పుడు చాలా లాప్‌టాప్‌లు మీడియా పని ముందుండే అమరికతోనే కర్మాగారం నుంచి వస్తాయి. చాలా మోడళ్ళలో Fn, Esc కలిపి ఒక్కసారి నొక్కితే ఈ వరుస తిరగబడుతుంది, దీన్నే ఎఫ్‌ఎన్ లాక్ అంటారు. Esc కీ మీద చిన్న తాళం బొమ్మ ఉంటే ఆ సదుపాయం ఉన్నట్టే లెక్క. నా లాప్‌టాప్ మీద ఆ తాళం బొమ్మ శుభ్రంగా ఉంది. Fn, Esc ఎన్నిసార్లు నొక్కినా వరుస మాత్రం మారలేదు.

అప్పుడు బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే లాప్‌టాప్ సొంత అమరికల తెరలోకి వెళ్ళాను. పాస్‌వర్డ్ అడిగింది. ఏమీ టైపు చేయకుండా ఎంటర్ నొక్కితే లోపలికి వదిలింది గానీ, అంతా చూడడానికే, మార్చడానికి కాదు. పై వరుస పని ఎలా ఉండాలో నిర్ణయించే అంశం అక్కడే ఉంది, మీడియా ముందు అనే ఎంపిక దాని ఎదురుగా కనబడుతోంది. దాని కిందనే ఎఫ్‌ఎన్ లాక్‌ను అనుమతించాలా వద్దా అనే మరో గడి ఖాళీగా ఉంది. రెండూ బూడిద రంగులో, బాణం కీ నిలవకుండా దాటిపోయేలా ఉన్నాయి. పాత కంపెనీ ఐటీ విభాగం వారు తమ భద్రత కోసం బయోస్‌కు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నారు, అది వారి హక్కు. లాప్‌టాప్‌ను వదిలించుకునేటప్పుడు దాన్ని తీయలేదు. దుకాణం వారు విండోస్ కొత్తగా వేశారు గానీ బయోస్ జోలికి పోలేదు, పోలేరు కూడా. విండోస్ ఎన్నిసార్లు వేసినా ఈ పాస్‌వర్డ్ పోదు, ఎందుకంటే అది హార్డ్ డిస్కులో ఉండదు, మదర్‌బోర్డు మీది ఒక చిప్పులో ఉంటుంది. చిన్న బటన్ బ్యాటరీ తీసి పెడితే పోతుందని మా వీధి మెకానిక్కు కూడా అన్నాడు. పాత డెస్క్‌టాప్‌లలో అది పనిచేసేది, ఆఫీసుల కోసం చేసిన ఈ తరహా లాప్‌టాప్‌లలో చేయదు. ఆ పాస్‌వర్డ్ పోగొట్టుకుంటే కొన్ని మోడళ్ళకు మదర్‌బోర్డు మార్చడమే దారి అని తయారీదారులే చెబుతారు.

మరుసటి రోజు దుకాణానికి వెళ్ళాను. కౌంటరు మీద లాప్‌టాప్ తెరిచి, ఆ యజమాని కళ్ళ ముందే F8 నొక్కి చూపించాను. విమానం బొమ్మ వచ్చింది. ఆయన తెరను చూసి, నన్ను చూసి, ఎంతో శాంతంగా, "కీ పనిచేయడం లేదన్నారు కదా మేడమ్, వైఫై ఆగిందిగా, అంటే కీ పనిచేస్తున్నట్టే" అన్నారు. నేను టాలీ తెరిచి, F8 కి రావలసినది సేల్స్ వోచరని, కొనేముందు ఇదే కౌంటరు మీద వచ్చిందని గుర్తు చేశాను. "అది సాఫ్ట్‌వేర్ సమస్య మేడమ్, మా రీప్లేస్‌మెంటు హార్డ్‌వేర్‌కే" అన్నారు. బయోస్ పాస్‌వర్డ్ సంగతి ఎత్తితే, "మీరెందుకు బయోస్‌లోకి వెళ్ళారు? అక్కడ మీరేదో మార్చి ఉంటారు" అని ఎదురు నా మీదే వేశారు. మార్చనివ్వని తాళం గురించి ఫిర్యాదు చేయడానికి వచ్చిన మనిషితో, నువ్వే మార్చావని అనగలగడం సామాన్యమైన ప్రతిభ కాదు. ఆ తరువాత, పక్కన నిలబడి వింటున్న మరో ఇద్దరు కొనుగోలుదారులకు వినబడేలా, "మీ ఇంట్లో బాబు ఎవరైనా ఉంటే పంపండి మేడమ్, వాళ్ళకైతే తొందరగా అర్థమవుతుంది" అన్నారు. ఆ బాబు పుట్టకముందు నుంచి నేను టాలీ కొడుతున్నాను. ఆ మాట అక్కడ నోటికి రాలేదు, వచ్చి ఉంటే ఈ రాత ఇంత పొడవు ఉండేది కాదేమో.

చివరికి ఆయన ఇచ్చిన పరిష్కారం ఏమిటో తెలుసా? "ఒక యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోండి, మీకోసం 450 కే ఇస్తాను" అన్నారు. తగిలించిన కీబోర్డుకు తన పై వరుస తనదే, లాప్‌టాప్ Fn అమరిక దానికి వర్తించదు. అందుకే ఆ రోజు కౌంటరు మీద F8 నొక్కితే సేల్స్ వోచరు బుద్ధిగా వచ్చింది. ఈ కిటుకు ఆయనకు ముందే తెలుసు. తెలియకపోతే అడగగానే పరిష్కారం అంత గబుక్కున చెప్పేవారు కాదు. ఆ తీగను చూసి, కౌంటరు మీద సౌకర్యం కోసం పెట్టుకున్నారు కాబోలని సరిపెట్టుకున్న నా తెలివిని నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

కీలను సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు కదా అని కొందరు చెప్పారు, ఆ ప్రయత్నమూ చేశాను. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో ఒక కీని మరో కీగా మార్చే సదుపాయం ఉంది. శబ్దం ఆపే కీ, తగ్గించే కీ, పెంచే కీ విండోస్‌కు మామూలు కీలలాగే చేరతాయి కనుక వాటిని F1, F2, F3 గా మార్చుకోగలిగాను. కానీ Fn కీ నొక్కినట్టు సాధారణంగా విండోస్‌కు తెలియనే తెలియదు, దాన్ని కీబోర్డును నడిపే లోపలి కంట్రోలరే మింగేస్తుంది. వెలుతురు కీలు, విమానం కీ కూడా ఈ లాప్‌టాప్‌లో మామూలు కీల దారిలో రావు, ఫర్మ్‌వేర్ నుంచి వేరే కబురుగా వస్తాయి. పవర్‌టాయ్స్ ముందు F5, F6, F8 ఎంత నొక్కినా అది ఉలకదు పలకదు. నాకు కావలసినవి సరిగ్గా ఆ మూడే. F8 కి బదులు ప్రతిసారీ Fn తో కలిపి F8 నొక్కవచ్చు, ఇప్పుడు అదే చేస్తున్నాను. అయితే టాలీలో పీరియడ్ మార్చాలంటే Alt, F2 కలిపి నొక్కాలి. దానికి Fn కూడా తోడైతే మూడు కీలు, అదీ ఎడమ చేతి బిల్లుల కట్టను వదిలేసి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫిర్యాదు ఇచ్చాను, చూడాలి. ఈలోగా మీరు కొనేటట్టయితే చేయవలసినది కాస్తే. లాప్‌టాప్‌కు తగిలించినవన్నీ పీకించండి. నోట్‌ప్యాడ్ తెరిచి, లాప్‌టాప్ సొంత కీబోర్డు మీద F5 ఒక్కటే నొక్కండి. ఆనాటి తేదీ, సమయం పడితే వరుస మామూలు పద్ధతిలో ఉన్నట్టు. తెర వెలుతురో మరొకటో మారితే మీడియా ముందున్నట్టు. అప్పుడు Fn, Esc నొక్కి మళ్ళీ F5 చూడండి. మారితే రీస్టార్టు చేయించి, ఆ మార్పు నిలిచిందో లేదో ఇంకోసారి చూడండి. తాళం బొమ్మను చూసి సరిపెట్టుకోకండి, నా Esc మీద కూడా ఉంది.

ఆ తరువాత బయోస్ తెరిపించండి. లాప్‌టాప్ ఆన్ చేయగానే నొక్కవలసిన కీ హెచ్‌పీలో చాలావాటికి F10, డెల్, ఏసర్, ఆసుస్‌లకు F2, లెనోవో థింక్‌ప్యాడ్‌కు F1. లోపల ఈ అంశం హెచ్‌పీ ఇళ్ళ మోడళ్ళలో Action Keys Mode అని, లెనోవో ఐడియాప్యాడ్‌లలో Hotkey Mode అని, ఏసర్‌లో Function key behavior అని, డెల్ ఆఫీసు మోడళ్ళలో Fn Lock Options అని కనబడుతుంది. పేరు దొరక్కపోయినా ఫర్వాలేదు. లోపలికి వెళ్ళేటప్పుడు పాస్‌వర్డ్ అడిగినా, లోపల అంశాలు బూడిద రంగులో ఉన్నా ఆ లాప్‌టాప్ వద్దు. "అది ఏమీ కాదు మేడమ్, ఎంటర్ కొడితే వెళ్తుంది" అంటారు, నిజమే, వెళ్తుంది. ఏదో ఒక అంశాన్ని మార్చి, సేవ్ చేసి చూపించమనండి. చూపించగలిగితే బిల్లు మీద సీరియల్ నంబరు పక్కనే "బయోస్ పాస్‌వర్డ్ లేదు" అని వారి చేతనే రాయించుకుని, అప్పుడు డబ్బు ఇవ్వండి.