పసుపు ఫ్యూచర్స్‌లో 3-2-1 పిరమిడింగ్: ఆరేళ్ల వాడకం తర్వాత

గుంటూరు నుంచి, వ్యవసాయ సరుకుల ఎక్స్ఛేంజ్ అయిన ఎన్‌సీడీఈఎక్స్ పసుపులో ఆరేళ్లుగా వాడుతున్న పద్ధతి ఇది. ముందు మూడు లాట్లు కొంటాం. ధర మనవైపు నడిస్తే రెండు, ఇంకా నడిస్తే ఒకటి కలుపుతాం. మొత్తం నష్టం మాత్రం మొదట అనుకున్న మొత్తాన్ని దాటకూడదు. ఈ షరతు నిలబెట్టేది లాట్ల సంఖ్య కాదు, స్టాప్‌లాస్‌ను, అంటే ధర పడితే తనంతట తానే అమ్మేసే ఆర్డర్‌ను, ఎక్కడికి జరుపుతామన్నది.

పసుపు లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. క్వింటాకు రూపాయి కదిలితే లాటుకు 50 రూపాయలు. ధర 14,000 అనుకుందాం. ధర రోజుకు సగటున ఎంత ఊగుతుందో చెప్పే 14 రోజుల ఏటీఆర్ 200 దగ్గర ఉంటే దానికి రెట్టింపు, 400 కింద, 13,600 దగ్గర స్టాప్ పెడతాను. మూడు లాట్లకు నష్టం 60,000. నష్టానికి నేను గీసుకున్న గీత ఇదే.

ధర 14,400కు వచ్చింది. ఇప్పుడు రెండు లాట్లు కలిపి పాత స్టాప్ అలాగే వదిలేస్తే, పడినప్పుడు పోయేది 1,40,000. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ధర పెరిగింది కదా, లాభంలోనే ఉన్నాం కదా అన్న ధీమాలో నష్టం రెట్టింపు దాటిన సంగతి గమనించరు. అందుకే ముందు మొత్తం స్టాప్‌ను 14,000కు తెస్తాను. అప్పుడు పాత మూడూ అసలుకు బయటపడతాయి, కొత్త రెండూ 40,000 పోగొడతాయి. గీత లోపలే ఉన్నాం. 14,800 దగ్గర ఆరో లాటు కలిపి స్టాప్ 14,400కు జరిపితే, స్టాప్ తగిలినా 40,000 లాభం మిగులుతుంది.

లాట్లు ఎందుకు తగ్గుతూ పోవాలో ఇక్కడే తెలుస్తుంది. అవే ధరల్లో 1-2-3గా కొంటే సగటు 14,267 బదులు 14,533 అవుతుంది. అదే 14,400 దగ్గర స్టాప్ తగిలితే 40,000 లాభానికి బదులు 40,000 నష్టం.

అయితే ఈ లెక్కలో ఎక్కువమంది చెప్పని సంగతి ఒకటుంది. అసలేమీ కలపకుండా మొదటి మూడు లాట్లే పట్టుకుని 14,400 దగ్గర బయటపడితే వచ్చేది 60,000. అంటే కలిపిన మూడు లాట్లు 20,000 తినేశాయి. వాటి సొంత సగటు 14,533. బయటపడే ధర దానికి పైన ఉంటేనే కలిపినందుకు ఫలితం. 15,600 దాకా వెళ్లి బయటపడితే మూడు లాట్లకు 2,40,000, ఆరింటికి 4,00,000. కాబట్టి ఈ పద్ధతి ఎగిరిపడే మార్కెట్లో ఖర్చు పెట్టిస్తుంది, నిలకడగా నడిచే మార్కెట్లో తిరిగిస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త పంట యార్డులకు దిగే రోజుల్లో ధర అటూ ఇటూ ఊగితే నేను రెండో అడుగే వేయను. దుగ్గిరాల యార్డులో రేటు పెరిగిందన్న మాట మీద కూడా లాట్లు కలపను. ఎందుకంటే ఈ కాంట్రాక్టు ధరకు ఆధారం నిజామాబాద్ మార్కెట్.

జరపాల్సిన స్టాప్ రోజువారీ ఊగిసలాటలో పడుతుంటే కలపకపోవడమే మంచిది. ఏటీఆర్ 200 నుంచి 300కు పెరిగిందనుకోండి, 400 దూరం ఇక చాలదు. స్టాప్ వెడల్పు చేయాలి. దాంతో నష్టం గీత దాటితే రెండు లాట్ల బదులు ఒకటి, అదీ పట్టకపోతే ఏదీ వద్దు.

అసలు బలహీనత గ్యాప్‌లో ఉంది. రాత్రి వార్తతో తెల్లారి ధర స్టాప్ కన్నా 300 కింద తెరుచుకుంటే ఆరు లాట్ల మీద అదనంగా పోయేది 90,000. పైన చూసిన 40,000 లాభం 50,000 నష్టం అవుతుంది. ఇంకా గీత లోపలే ఉన్నాం, కానీ అంచున. ఒక రోజులో ధర పడగల కింది హద్దు, అంటే లోయర్ సర్క్యూట్ తగిలి కొనేవాడే లేకపోతే స్టాప్ ఆర్డర్ అలాగే ఉండిపోతుంది. అందుకే ఆరో లాటు కలిపే ముందు 300 గ్యాప్ లెక్క విడిగా వేస్తాను, 60,000 దాటితే ఆపేస్తాను. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ కాంట్రాక్టులో అసలు కలపను. డెలివరీ తప్పనిసరి, మార్జిన్ కూడా పెరుగుతుంది.

చేతిలో ఆరు లాట్లకు మార్జిన్ లేనివాళ్లకు ఇది కుదరదు. 14,000 దగ్గర ఒక్కో లాటు విలువే 7 లక్షలు. ఒకటి కొని ఇంకొకటి కలపడం తగ్గుతూ పోయే పిరమిడ్ కాదు.

ఆర్డర్ల దగ్గర ఒక జాగ్రత్త. స్టాప్ జరిపేటప్పుడు పాత మూడు లాట్ల ఆర్డర్ రద్దు చేయకుండా అయిదు లాట్లకు కొత్తది పెడితే, ధర పడినప్పుడు రెండూ తగిలి ఎనిమిది లాట్లు అమ్ముడవుతాయి. మన చేతిలో ఉన్నవి అయిదే కాబట్టి మూడు లాట్లు షార్ట్‌లో మిగిలిపోతాం. నేను ఎప్పుడూ పాత ఆర్డర్‌నే మోడిఫై చేసి ముందు ట్రిగ్గర్ ధర మారుస్తాను, తర్వాత కొంటాను, కొనుగోలు పూర్తయిందని ఆర్డర్ బుక్‌లో చూశాకే స్టాప్‌లో లాట్ల సంఖ్య పెంచుతాను.