రెండు ఫ్రాంక్‌ఫర్ట్‌లు, ఒక బెర్లిన్: దూరం లెక్కేసే ముందు చూసుకోవాల్సినవి

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండు. విమానాశ్రయం, బ్యాంకుల టవర్లు, పుస్తక ప్రదర్శన ఉన్నది మైన్ నది ఒడ్డున. రెండోది బెర్లిన్‌కి తూర్పున, ఓడర్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. నది దాటితే పోలండ్. రెండింటి మధ్య దాదాపు 480 కిలోమీటర్లు. బెర్లిన్‌లో బస పెట్టుకుని మా బృందం రెండు ఊళ్లూ చూసింది కాబట్టి, ప్లాను వేసే రోజుల్లోనే ఈ పేరు ఎక్కడెక్కడ తిప్పలు పెడుతుందో బాగా తెలిసొచ్చింది.

ఓడర్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి వెళ్లాలనుకున్నది మరియన్‌కిర్షె చర్చి కోసం. ఎర్ర ఇటుకల పెద్ద చర్చి. దాని మధ్యయుగపు రంగుటద్దాల కిటికీలను రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్‌కి తరలించారు. చాలా భాగం 2002లో తిరిగొచ్చింది. ఆ కిటికీల్లో ఒకటి క్రీస్తు విరోధి కథ చెబుతుంది. చర్చి కిటికీలో ఆ కథ కనిపించడం అరుదు.

మాలో ఒకరు ప్రయాణానికంతా ఒక షీటు తయారు చేశారు. ఊరి పేరు టైప్ చేస్తే అక్షాంశ రేఖాంశాలు తెచ్చి, దూరం అదే లెక్కేసుకునే షీటు. అందులో ఒక వరుస ఇలా ఉంది: బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, 423 కి.మీ., రైలు ప్రయాణం గంటా పది నిమిషాలు. పక్కన ఎర్ర రంగులో 'ఒక్క రోజులో కుదరదు, రాత్రి బస కావాలి' అని రాసుంది. బసకి ఒక గది కూడా ఎంచి పెట్టారు, డబ్బు కట్టడమే తరువాయి.

ఆ రెండు అంకెలూ పక్కపక్కన ఇమడవు. 423 కిలోమీటర్లు గంటా పది నిమిషాల్లో వెళ్లాలంటే రైలు గంటకు 360 కిలోమీటర్ల పైన పరుగెత్తాలి. జర్మనీలో అత్యంత వేగంగా నడిచే ఐసీఈ రైళ్లే 300 దాటవు. పైగా షీటులో రాసింది ఊరూరా ఆగే ఆర్‌ఈ1 ప్రాంతీయ రైలు. అంటే దూరం ఒక ఊరిది, సమయం ఇంకో ఊరిది. రైల్వే యాప్‌లో 'Frankfurt (Oder)' అని ఎంచుకున్నారు, షీటులో మాత్రం ఉత్త 'Frankfurt' అని కొట్టారు. పేరు మాత్రమే ఇస్తే స్థలాలు వెతికే సర్వీసులు ఎక్కువగా పెద్ద ఊరినే ముందు చూపిస్తాయి. కొన్ని మీరున్న చోటుకి దగ్గరిది చూపిస్తాయి, మరికొన్ని అప్పుడు తెరపై ఉన్న మ్యాప్ భాగంలోది చూపిస్తాయి. అందుకే ఒకే పేరు ఇంట్లో కొడితే ఒక ఊరు, బెర్లిన్ హోటల్లో కొడితే ఇంకో ఊరు రావచ్చు. తెరపై జాబితా వస్తే మనం చూసి ఎంచుకుంటాం. షీటులో అయితే మొదటి ఫలితాన్ని చప్పుడు లేకుండా తీసేసుకుంటుంది. అసలు చిక్కు అక్కడే.

దూరం చేత్తో లెక్కేయడం కష్టమేమీ కాదు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశం డిగ్రీ మాత్రం ధ్రువాల వైపు పోయేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి దాన్ని రెండు ఊళ్ల సగటు అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. బెర్లిన్ 52.52, 13.40 అనుకుంటే:

```
ఫ్రాంక్‌ఫర్ట్ (మైన్): 50.11, 8.68
ఉత్తర-దక్షిణం = 2.41 × 111 = 268
తూర్పు-పడమర = 4.72 × 111 × 0.625 = 327
దూరం = √(268² + 327²) = 423 కి.మీ.

ఫ్రాంక్‌ఫర్ట్ (ఓడర్): 52.35, 14.55
ఉత్తర-దక్షిణం = 0.17 × 111 = 19
తూర్పు-పడమర = 1.15 × 111 × 0.61 = 78
దూరం = √(19² + 78²) = 80 కి.మీ.
```

కొన్ని వందల కిలోమీటర్ల వరకు ఈ లెక్క చాలు. ఖండాలు దాటే దూరాలకు గోళం లెక్క కావాలి. ఇక్కడ దూరం కంటే ముందు చూడాల్సింది దిక్కు. ఓడర్ ఊరి రేఖాంశం బెర్లిన్ కంటే ఎక్కువ, అంటే అది తూర్పున ఉంది. మైన్ ఊరిది తక్కువ, అది నైరుతిలో ఉంది. పోలండ్ సరిహద్దుకి పోతున్నామని తెలిసినప్పుడు రేఖాంశం తగ్గుతోందంటే ఇక గుణకారం దాకా పోనక్కర్లేదు.

ఇది తిన్నటి గీత దూరం. రోడ్డు దూరం దీనికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, మామూలుగా ఒకటింపావు రెట్లు, కాస్త అటూ ఇటూ. బెర్లిన్ నుంచి మైన్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి రోడ్డు మీద సుమారు 550 కిలోమీటర్లు, అంటే 1.3 రెట్లు. ఓడర్ ఊరికి సుమారు 100, అంటే 1.25 రెట్లు. రెండూ సబబుగానే ఉన్నాయి. మ్యాప్ యాప్ రోడ్డు దూరం 100 అని, షీటు గీత దూరం 423 అని చెబితే మాత్రం ఏదో ఒకటి వేరే ఊరిని పట్టుకుందన్నమాట. గీత కంటే పొట్టి రోడ్డు భూమ్మీద లేదు. తిరగేసి చూస్తే, గీత 80, రోడ్డు 550 వచ్చినా అనుమానించాలి. కాకపోతే మధ్యలో సముద్రపు పాయో కొండల వరుసో ఉంటే దారి నిజంగానే అంత చుట్టూ తిరగొచ్చు. అప్పుడు దారి గీతను మ్యాప్‌లో చూస్తే గానీ తేలదు.

ఇంకో రకం తప్పు మరీ మోసపూరితమైనది. కొన్ని సర్వీసులు అక్షాంశం ముందు ఇస్తాయి, కొన్ని రేఖాంశం ముందు ఇస్తాయి. రెండు ఊళ్లకూ వరస తారుమారైతే బెర్లిన్ పోయి సొకోట్రా దీవి దగ్గర సముద్రంలో పడుతుంది, మైన్ ఫ్రాంక్‌ఫర్ట్ సోమాలియా తీరానికి చేరుతుంది. అయినా వాటి మధ్య దూరం సుమారు 586 కిలోమీటర్లు వస్తుంది. అసలు రోడ్డు దూరం 550కి దగ్గరగానే ఉంది కదా, చూసినవాళ్లకి ఏ తేడా తెలియదు. అంకె ఒప్పుకోదగ్గదిగా ఉంటే చోటు కూడా సరైనదే అనుకోకూడదు. అందుకే నేను అక్షాంశ రేఖాంశాలను మళ్లీ మ్యాప్‌లో అతికించి, పిన్ ఎక్కడ దిగుతుందో చూస్తాను. మన షీటులో ఉన్న అంకెల నుంచి ఊరి పేరు, రాష్ట్రం వెనక్కి రావాలి. బ్రాండెన్‌బుర్గ్ అని వస్తే ఓడర్, హెస్సె అని వస్తే మైన్.

ఇక షీటులో ఎంచిన గది సంగతి. బుకింగ్ పేజీలో 'Frankfurt', 'నగర కేంద్రం నుంచి 1.2 కి.మీ.' అని ఉంది. ఆ దూరం నిజమే, కానీ ఏ నగరం కేంద్రం? చిరునామా తెరిస్తే పోస్టల్ కోడ్ 60329. అది మైన్ ఊళ్లో పెద్ద స్టేషన్ చుట్టుపక్కల కోడ్. ఓడర్ ఊరివి 15230 నుంచి 15236 మధ్య ఉంటాయి. ఫోన్ నంబరు చూసినా తెలిసిపోతుంది: మైన్‌కి 069, ఓడర్‌కి 0335. ఊరి పేరు, ఫొటోలు, రేటింగులు ఏవీ ఈ రెండింటి సాటి రావు. పోస్టల్ కోడ్‌కి ఒక పరిమితి ఉంది, దేశం పేరు పక్కన లేకపోతే అదీ బోల్తా కొట్టిస్తుంది. 152తో మొదలయ్యే అయిదంకెల కోడ్‌లు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కీ ఉన్నాయి. కోడ్‌తో పాటు 'Germany' అని కూడా కొట్టాలి.

దూరం 80 అని తేలాక ఆ రాత్రి బస అవసరమే లేకపోయింది. బెర్లిన్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి హాయిగా వచ్చేశాం. ఆర్‌ఈ1 రైళ్లు తరచుగా ఉంటాయి, సీటు రిజర్వేషన్ గొడవ లేదు, ప్రాంతీయ రైళ్లకు చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే విడిగా టికెట్ కూడా కొననక్కర్లేదు. స్టేషన్ నుంచి చర్చికి నడక పావుగంట పైనే పడుతుంది, ట్రాములు కూడా ఉన్నాయి. వంతెన దాటితే పోలండ్ ఊరు స్లుబిట్సె. ఊళ్లో హడావుడి తక్కువ. చర్చి, నది ఒడ్డు, రచయిత క్లైస్ట్ మ్యూజియం చూడటానికి ఒక పూట సరిపోతుంది. క్లైస్ట్ ఇక్కడే 1777లో పుట్టాడు. నది పక్కన ఒక సాయంత్రం తీరిగ్గా గడపాలనుకునేవాళ్లు తప్ప రాత్రి ఉండే పని లేదని నా అభిప్రాయం.

మైన్ ఫ్రాంక్‌ఫర్ట్ లెక్క వేరు. బెర్లిన్ నుంచి ఐసీఈలో దాదాపు నాలుగు గంటలు. డాయిచ్‌లాండ్ టికెట్ ఐసీఈలో చెల్లదు. రాత్రి బస తప్పదు. పెద్ద స్టేషన్ పక్కన ఉంటే విమానాశ్రయానికి సులువే గానీ ఆ వీధుల్లో రాత్రి గోల ఎక్కువ. నదికి దక్షిణాన సాక్సెన్‌హౌజెన్ నాకు నచ్చింది. అక్టోబరులో పుస్తక ప్రదర్శన వారం అయితే గదుల రేట్లు ఎగిరిపోతాయి, తేదీలు చూసుకోండి. ఆ రోజుల్లో అనుమానం వచ్చేంత చవగ్గా ఒక గది దొరికితే, అది ఓడర్ ఊరిది కాదు కదా అని చిరునామా చూడటం మంచిది.

విమాన టికెట్లలో ఇంకో మెలిక: 'Frankfurt-Hahn' అనే విమానాశ్రయం నగరానికి పడమరగా గీత దూరంలోనే వంద కిలోమీటర్లు దాటి ఉంది. నగరం దగ్గరలోని పెద్ద విమానాశ్రయం కోడ్ FRA, హాన్‌ది HHN. టికెట్‌లో ఊరి పేరు కాదు, మూడక్షరాల కోడే చూడాలి. ఆస్ట్రేలియా సిడ్నీకని బయల్దేరి కెనడా నోవా స్కోషియాలోని సిడ్నీలో దిగినవాళ్లు నిజంగానే ఉన్నారు. 2002లో ఒక బ్రిటిష్ జంట, 2017లో ఒక డచ్ విద్యార్థి అలా దిగితే వార్తల్లో వచ్చింది. ఒకటి SYD, ఇంకోటి YQY. టికెట్ మీద ఆ మూడక్షరాలు వాళ్ల ముందే ఉన్నాయి.

బెర్లిన్‌లో రైలెక్కేటప్పుడు బోర్డు మీద బ్రాకెట్‌లో ఏముందో చూడండి: 'Frankfurt(Main)Hbf' లేదా 'Frankfurt(Oder)'. బ్రాకెట్ కనబడకపోతే మధ్యలో ఆగే స్టేషన్లు చదవండి. ఎర్క్నర్, ఫ్యుర్‌స్టెన్‌వాల్డె ఉంటే తూర్పుకి. ఎర్ఫుర్ట్, ఫుల్డా ఉంటే మైన్ వైపు. ఆ దారిలో హాలె కూడా కనిపించొచ్చు. హాలెలు కూడా రెండున్నాయి, ఈ రైలు ఆగేది జాలె నది మీది హాలెలో, వెస్ట్‌ఫాలియాలోని దాంట్లో కాదు.