ఫేస్ స్వాప్‌కి ఏ ఫొటో మేలు: క్లియర్‌గా ఉన్నదా, అదే వైపు తిరిగినదా?

గోల్కొండ మెట్ల మీద తీసిన గ్రూప్ ఫొటోలో అందరూ బాగా పడ్డారు, మా బాబాయి మాత్రం కళ్లు మూసుకున్నారు. ఆయన సరేనన్నాక, ఆయన ముఖాన్నే ఇంకో ఫొటోలోంచి తెచ్చి పెట్టాలనుకున్నాం. రెండు ఫొటోలు దొరికాయి. ఒకటి అమీర్‌పేటలో తీయించుకున్న పాస్‌పోర్ట్ ఫొటో. చాలా క్లియర్‌గా ఉంది, చూపు నేరుగా, నోరు మూసి ఉంది. రెండోది అదే రోజు గోల్కొండలో ఫోన్‌తో తీసింది. కాస్త మసకగా ఉన్నా, గ్రూప్ ఫొటోలో లాగే ఎడమకు తిరిగి నవ్వుతున్నారు.

నా ఓటు మసక ఫొటోకే.

ఫొటో అంటే చదునైన బొమ్మ. తల భుజం వైపు వాలి ఉంటే సమస్య లేదు, బొమ్మను కాస్త తిప్పితే సరిపోతుంది. తల పక్కకు తిరిగినప్పుడే చిక్కు. అప్పుడు దూరపు చెంప ఇరుకవుతుంది, ముక్కు ఆ చెంపను కొంత కప్పేస్తుంది, దగ్గరి చెంప పూర్తిగా కనిపిస్తుంది. పాస్‌పోర్ట్ ఫొటోలో ముక్కు కొన నుంచి రెండు చెంపల అంచులకు దూరం ఒకటే. గ్రూప్ ఫొటోలో ఒకవైపు దూరం రెండోవైపు దాంట్లో సగమే. సాఫ్ట్‌వేర్ కళ్లు, ముక్కు, నోరు, గడ్డం దగ్గర గుర్తులు పెట్టుకుని, ఆ గుర్తులు కలిసేలా చర్మాన్ని సాగదీస్తుంది, నొక్కుతుంది. అయినా ముక్కు ఎదురుగా చూస్తున్నట్టే ఉంటుంది, తల మాత్రం పక్కకు. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా, మాస్క్ పెట్టుకున్నట్టుంది అనేస్తారు.

అంచుల్లో రంగు కలిపే బ్లెండింగ్ ఇక్కడ ఆదుకోదు. అది చర్మం రంగును సర్దుతుంది, ఆకారాన్ని కాదు.

నవ్వు సంగతీ అంతే. నవ్వినప్పుడు పెదాలతో పాటు చెంపలు పైకి లేస్తాయి, కంటి మూలల్లో ముడతలు పడతాయి, ముక్కు పక్కన గీతలు లోతవుతాయి, నోరు తెరిస్తే దవడ కిందికి దిగుతుంది. స్వాప్‌లో సాధారణంగా మారేది ముఖం మధ్యభాగమే, దవడ అంచు పాత ఫొటోదే. అందుకే నోరు మూసిన ముఖం పెడితే పెదాలకూ గడ్డానికీ మధ్య ఖాళీ ఎక్కువై గడ్డం పొడుగ్గా కనిపిస్తుంది. పైగా మూసిన నోట్లోంచి పళ్లు తేలేం.

ఈ రెండింటిలో ఒక్కటే కుదిరితే నేను కోణాన్నే ఎంచుకుంటాను. చిరునవ్వు కాస్త తక్కువైనా మనిషి అప్పుడలా ఉన్నాడేమో అనుకుంటాం. తప్పు కోణంలో ఉన్న ముక్కును కన్ను ఒప్పుకోదు.

కొత్త ఏఐ టూల్స్ పోలికలను మాత్రమే తీసుకుని, కోణం, నవ్వు గ్రూప్ ఫొటోవే ఉంచి ముఖాన్ని కొత్తగా గీస్తాయి. కోణం వరకైతే వాటితో పాస్‌పోర్ట్ ఫొటో కూడా పనికొస్తుంది, కానీ మూసిన కళ్లు కూడా అలాగే ఉండిపోవచ్చు. పైగా పాస్‌పోర్ట్ ఫొటోలో కనిపించని పళ్లు, పక్క నుంచి ముఖం కనిపించే తీరు అవి ఊహించి గీసినవే. మనిషి బాబాయిలా ఉంటారు, నవ్వు అచ్చంగా ఆయనది కాదు.

సరిగ్గా అదే కోణం దొరక్కపోతే అవతలి వైపు తిరిగిన ఫొటోను అద్దంలోలా తిప్పవచ్చు. కానీ పాపిట, పుట్టుమచ్చ, ఎండ పడిన వైపు కూడా మారిపోతాయి. బాబాయికి కుడిచెంప మీద మచ్చ ఉంది కాబట్టి మేం ఆ దారికి పోలేదు. మసక ఫొటోనే వాడాం. గ్రూప్ ఫొటోలో ముఖం చిన్నది కాబట్టి, తగ్గించి పెట్టేసరికి ఆ మసక దాదాపు కనిపించలేదు.