ఎల్-1బీ వీసా మీద ఇప్పుడే వెళ్ళిపోవాలా, ఎల్-1ఏ కోసం ఏడాది ఆగాలా: ఏది మేలు?

మా బాబాయి కొడుకు మొన్న రాత్రి ఫోన్ చేశాడు, "అన్నయ్యా, కంపెనీ వాళ్ళు ఎల్-1బీ మీద అమెరికా పంపిస్తామంటున్నారు, ఓకే చెప్పేయనా?" అని. వాడు హైదరాబాద్ ఆఫీసులో లీడ్. నేను ఒక్కటే అడిగా, నీ కింద ఉన్నవాళ్ళ అప్రైజల్ ఎవరు రాస్తున్నార్రా అని. వాడు రాయట్లేదట, వాళ్ళ మేనేజర్ రాస్తాడట. అయితే ఇంకో ఏడాది ఆగే దారి ఉందేమో కనుక్కో అన్నా. ఎందుకన్నానో నా సంగతి చెప్తే అర్థమవుతుంది.

నేను 2016లో ఎల్-1బీ మీద వెళ్ళా. ఎల్-1 ఏదైనా సరే, వెళ్ళేముందు మూడేళ్ళలో కనీసం ఒక ఏడాది అదే కంపెనీకో దాని గ్రూపు కంపెనీకో అమెరికా బయట ఆగకుండా పనిచేసుండాలి. అందులో బీ అంటే కంపెనీ ప్రోడక్ట్ మీద ప్రత్యేకమైన నాలెడ్జ్ ఉన్నవాళ్ళకి, అయిదేళ్ళు మాక్సిమమ్. ఏ అంటే మేనేజర్లకీ ఎగ్జిక్యూటివ్‌లకీ, ఏడేళ్ళు. అప్పట్లో నాకు తేడా అంటే ఆ రెండేళ్ళే అనుకున్నా.

2018లో అక్కడే మేనేజర్‌ని అయ్యా, ఆర్నెల్లు దాటాక కంపెనీ నన్ను ఎల్-1ఏకి మార్పించింది, ఇంకేముంది మేనేజర్లకుండే ఈబీ-1సీ కేటగిరీలో గ్రీన్ కార్డ్ వేసేస్తారు అనుకున్నా. లాయర్ నా పాత హైదరాబాద్ ఆర్గ్ చార్ట్ తెమ్మన్నారు. అందులో నా పేరు కింద ఒక్క గడి కూడా లేదు. ఈబీ-1సీకి కావాల్సింది అమెరికా వచ్చేముందు బయట మేనేజర్‌గా చేసిన ఏడాది, అక్కడికెళ్ళాక ఎన్నేళ్ళు మేనేజర్‌గా చేసినా ఆ లోటు పూడదు. దాంతో 2019లో పెర్మ్ అనే లేబర్ సర్టిఫికేషన్ వేసి ఈబీ-2 గ్రీన్ కార్డ్ క్యూలో నిలబెట్టారు, ఇండియాలో పుట్టినవాళ్ళకి అది పదేళ్ళ పైమాటే. ఇక్కడే అసలు చిక్కు, హెచ్-1బీ వాళ్ళకి కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్ ఐ-140 అప్రూవ్ అయ్యాక ఆరేళ్ళు దాటినా ఎక్స్‌టెన్షన్లు వస్తూనే ఉంటాయి, ఎల్-1కి ఆ వెసులుబాటు లేదు, గడువు అయిపోతే దిగిపోవాల్సిందే. ఏటా హెచ్-1బీ లాటరీ వేశాం, తగల్లేదు. 2023లో పాప నాలుగో క్లాస్ మధ్యలో సామాను సర్దుకుని హైదరాబాద్ వచ్చేశాం, పాప ఫ్రెండ్స్ రాసిచ్చిన కార్డులు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఈసారి ఏడుగురు ఇంజనీర్ల టీమ్‌ని నేనే నడిపా, హైరింగ్, అప్రైజల్స్, హైకులు అన్నీ నా సంతకంతోనే. బయట ఏడాది ఉంటే ఎల్ గడువు మళ్ళీ మొదట్నుంచి లెక్క, ఆ ఏడాదే మేనేజర్ ఏడాదిగానూ పనికొచ్చింది. 2024లో కొత్త ఎల్-1ఏ, తర్వాత ఈబీ-1సీ, దానికి 2019 నాటి ప్రయారిటీ డేటే, అంటే క్యూలో నా పాత చోటే వాడుకున్నారు. 2016లోనే ఒక ఏడాది ఆగి ఉంటే ఈ తిరుగుడంతా ఉండేది కాదు.

ఆగడం అంటే ఊరికే ఆగడం కాదు, టైటిల్‌లో మేనేజర్ అని ఉంటే చాలదు. నీ కింద డిగ్రీ అవసరమైన పనిచేసేవాళ్ళు ఉండాలి, వాళ్ళ హైరింగ్‌లో, అప్రైజల్‌లో నీ మాట చెల్లాలి, అది కాగితం మీద కనబడాలి. రోజంతా నువ్వే కోడ్ రాస్తూ పక్కన ఇద్దరికి పని చెప్తుంటే అది నిలబడదు.

మరి ఎల్-1బీ ఎవరికి మేలంటే, నాలుగైదేళ్ళు చేసుకుని వచ్చేద్దాం అనుకునేవాళ్ళకి, ఇక్కడ మేనేజర్ అవ్వడానికి ఇంకా చాలా టైం ఉన్నవాళ్ళకి. ఏ అయినా బీ అయినా భార్యకో భర్తకో ఎల్-2 మీద దిగిన రోజునుంచే పనిచేసే హక్కుంది, ఎంట్రీ రికార్డు ఐ-94 మీద L-2S అని ఉందో లేదో చూసుకుంటే చాలు. హెచ్-1బీ వాళ్ళ భార్యో భర్తో, అంటే హెచ్-4 వాళ్ళయితే మామూలుగా ఐ-140 దాకా ఆగాలి. బీ మీద వెళ్తే మాత్రం మొదటి మార్చి నుంచే హెచ్-1బీ రిజిస్ట్రేషన్ వేయిస్తారా అని హెచ్‌ఆర్‌ని ముందే అడిగి మెయిల్‌లో తీసుకోండి. 2025 సెప్టెంబర్‌లో పెట్టిన లక్ష డాలర్ల ఫీజు ఇండియా నుంచి కొత్తగా హెచ్-1బీ మీద వెళ్ళేవాళ్ళకి, అక్కడ ఎల్ మీద ఉంటూ స్టేటస్ మార్చుకునేవాళ్ళకి అది పడదు. ఇంకోటి, ఎల్ మీద కంపెనీ మారలేం, లేఆఫ్ అయితే అరవై రోజులు, ఆలోగా హెచ్-1బీ లాటరీ తగిలి ఉండకపోతే వేరే కంపెనీ తీసుకుంటానన్నా మామూలుగా కుదరదు.

మావాడు వాళ్ళ మేనేజర్‌ని అడిగాడు, ఏప్రిల్ నుంచి నలుగురిని వాడి కింద వేస్తామన్నారట. ఆర్గ్ చార్ట్ మారిన రోజు స్క్రీన్‌షాట్ దాచుకోరా అని చెప్పా, ఏడాది లెక్క ఆ తేదీ నుంచే.