30 మీటర్ల వాచీనా, 100 మీటర్ల వాచీనా: పూల్‌కి ఏది?

వెనక 30M అని ఉంటే 30 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు, కొత్త వాచీ కదలని నీళ్లలో కాసేపు 3 బార్ ప్రెషర్ తట్టుకుందని మాత్రమే. ఈతలో చెయ్యి విసిరితే పెరిగే ప్రెషర్ నిజానికి తక్కువే, అసలు భయం నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగుతోనే, అది ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, పైగా ఎండకి కాలిన వాచీతో చల్లటి పూల్‌లో దూకితే లోపలి గాలి కుంచించుకుని తేమని లాగేస్తుంది.

30M: బైక్ మీద వాన, చేతులు కడుక్కోవడం, అంతే. చవక, పల్చన.
100M: ఈతకి ఓకే, స్క్రూలా తిప్పి బిగించే కీ ఉంటే ఇంకా మంచిది. కొంచెం ఖరీదు, బరువు.

వేణ్ణీళ్ల స్నానం మాత్రం రెండిటికీ వద్దు.

కోఠిలో బ్యాటరీ మార్పించేటప్పుడు రింగు కూడా మార్చి ప్రెషర్ టెస్ట్ చేస్తారా అని అడగండి, లేదంటే 100M కూడా నమ్మొద్దు. అద్దం లోపల ఆవిరి పట్టిందంటే నీళ్లు వెళ్లినట్టే, కీ తిప్పకుండా వెంటనే షాపుకి తీసుకెళ్లండి.

ఆఫీసు, పెళ్లిళ్లకే అయితే 30M చాలు. అపార్ట్‌మెంట్ పూల్‌లో పిల్లలతో దిగేవాళ్లు 100M తీసుకోండి.